ఈ షిఫ్ట్ పనుల మెసేజ్ చదివితే మీకు ఏం అర్థమవుతుంది?

గాజువాక ఆటోనగర్‌లో మా గోడౌన్‌కి లోడింగ్, ప్యాకింగ్ పనికి మనుషులు కావాలి. కిందటి నెల "జీతం 15,000" అని వాట్సాప్‌లో పెట్టాను. తొమ్మిది మంది చేరారు, మొదటి జీతం పడగానే నలుగురు మానేశారు. తప్పు నాదే. పీఎఫ్ 12 శాతం అంటే 1,800, ఈఎస్‌ఐ 113 పోతే చేతికొచ్చేది 13,087. ఆ ముక్క ముందే చెప్పలేదు.

ఈసారి ఇలా రాశాను:

"చేతికి నెలకు 13,087. పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయి. ఓటీకి రెట్టింపు. షిఫ్టులు ఉదయం 6–2, మధ్యాహ్నం 2–10, రాత్రి 10–6, వారానికొకటి మారతాయి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు, రెండు ఫొటోలు తెండి. ఇంతకుముందు పీఎఫ్ ఉంటే పాత యూఏఎన్ నంబరు చెప్పండి. ఒరిజినల్స్ చూసి వెంటనే ఇచ్చేస్తాం. ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు."

రెండు చోట్ల ఆగిపోయాను. "సోమవారం రాత్రి షిఫ్ట్" అంటే ఒకబ్బాయి ఆదివారం రాత్రే వచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు, పాపం. "సోమవారం రాత్రి 10కి వచ్చి మంగళవారం ఉదయం 6కి వెళ్తారు" అని రాస్తే సరిపోతుందా?

రెండోది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాస్‌బుక్‌లో పొడి అక్షరం ఉన్నవాళ్ల పీఎఫ్ కేవైసీ ఆగిపోతోంది. భయపెట్టకుండా ఈ మాట ఎలా చెప్పాలి? షిఫ్టుల్లో చేసినవాళ్లు ఎవరైనా చెప్పండన్నా.