ఫిల్టర్‌లో నీళ్లు నిలబడిపోయాయి, డికాషన్ దిగడం లేదు

వంటింటి కిటికీ: పొద్దున ఆరున్నరకి ఫిల్టర్ పెట్టాను, ఇప్పుడు తొమ్మిదైంది. కింది గిన్నెలో నాలుగు చుక్కలు. పాలు రెండుసార్లు కాచాను, మీగడ కట్టేసింది. పదింటికి మా అత్తగారు వస్తున్నారు, ఆవిడ ఇన్‌స్టంట్ కాఫీ ముట్టుకోరు. చిల్లులు సూదితో పొడిచి చూశాను, బాగానే ఉన్నాయి. గింజలు అరకువి, మంచివే. నీళ్లు మరిగించే పోశాను. ఇంకేం చేయాలో ఎవరైనా చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

సన్నజాజి: పొడి మెత్తనైపోయింది.

వంటింటి కిటికీ: మెత్తగా ఉంటేనే కదండీ సారం బాగా దిగేది? పదేళ్లుగా ఇన్‌స్టంటే తాగుతున్నాం. అది ఎంత మెత్తగా ఉంటే అంత తొందరగా కలుస్తుంది. అందుకే మిక్సీ చిన్న జార్‌లో రెండు నిమిషాలు ఆపకుండా తిప్పాను. ముఖానికి రాసుకునే పౌడర్‌లా వచ్చింది.

గోదారి గట్టు: చికోరీ కలపలేదు కదా, అదే లోటు. పాతిక శాతం చికోరీ వేయండి, చిక్కగా దిగుతుంది. పైన గొడుగు బిళ్ల గట్టిగా నొక్కారా? నొక్కితే అస్సలు దిగదు.

పాత కొట్టు: గట్టిగా నొక్కకూడదన్నది నిజమే. చికోరీ మాత్రం ఈ సమస్యకి మందు కాదు. అది నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, పొడిని ఇంకా బిగబట్టి ధారని నెమ్మది చేస్తుంది.

అమ్మా, మాది కాఫీ పొడి పట్టే కొట్టు. మిక్సీ సంగతి మొదటే చెప్పి ఉంటే బాగుండేది. ఇన్‌స్టంట్ అంటే కాచిన కాఫీనే ఎండబెట్టి చేసిన పొడి, కాబట్టి నీళ్లలో కరిగిపోతుంది. గింజల పొడి కరగదు. నీళ్లు దాని సందుల్లోంచి దిగుతూ సారాన్ని తెచ్చుకోవాలి. పిండిలా ఉంటే సందులే ఉండవు, తడిసి బురదలా చిల్లుల మీద పేరుకుపోతుంది. మూత తీసి చూడండి, పైన నీళ్లు అలాగే నిలబడి ఉంటాయి.

ఇప్పటికి పొడి, నీళ్లు అన్నీ గిన్నెలోకి వంచేయండి. చల్లారి ఉంటే కొంచెం వేడి చేయండి, మరగనివ్వకండి. రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, తడిపి పిండిన పలచని నూలు గుడ్డలో వడకట్టండి. గుడ్డని పిండొద్దు, మడ్డి దిగుతుంది. ఇన్ని గంటలు నానింది కాబట్టి కాస్త చేదుగా ఉంటుంది, పాలు ఎక్కువ పోయండి.

అమెరికా అబ్బాయి: నేను డాలస్‌లో డ్రిప్ మెషీన్ వాడతాను, ఎప్పుడూ ఈ బాధ లేదు. కాగితం ఫిల్టర్ మార్చి చూశారా?

సన్నజాజి: అది స్టీలు ఫిల్టర్ అండీ. కాగితం ఉండదు.

ఇరానీ కప్పు: టీ అయితే ఇంత తలనొప్పి లేదు. హైదరాబాద్‌లో డస్ట్ టీ వేసి గంటలు కాస్తారు, ఎంత సన్నమైతే అంత రంగు. పెద్ద ఆకు టీని అలా కాస్తే మాత్రం ఉత్త వగరు. ఆకుని దించిన వేడి నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు నాననిచ్చి తీసేయాలి.

తెలుగు మాస్టారు: ఒక మాట. డికాషన్ అంటే కాచి తీసినది, అంటే కషాయం. ఫిల్టర్‌లో మనం కాచం, నీళ్లు పోసి దింపుతాం. దీన్ని డికాషన్ అనడం సరికాదు.

గోదారి గట్టు: మాస్టారూ, మా నాయనమ్మ కాలం నుంచీ డికాషనే. ఇప్పుడు కాఫీ కషాయం అంటే ఎవరూ తాగరు.

పాత కొట్టు: పేరు సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. అమ్మా, రేపటికి చెబుతున్నాను. గింజలు కొద్దికొద్దిగా వేసి, ఐదు సెకన్లు తిప్పి ఆపి జార్ కుదపండి. ఆపకుండా తిప్పితే వేడెక్కి మాడు వాసన వస్తుంది. వేళ్ల మధ్య నలిపితే సన్న ఇసుకలా గరగరలాడాలి. బొంబాయి రవ్వ కన్నా సన్నగా, శనగపిండి కన్నా గరుకుగా ఉండాలి. మిక్సీలో ఎంత జాగ్రత్తపడ్డా కొంత పిండి వస్తుంది. దాన్ని జల్లెడ పట్టి తీసేయండి, పాలలో కాచుకోవడానికి పనికొస్తుంది.

ఇరవై గ్రాముల పొడికి నూట ఇరవై మిల్లీలీటర్ల నీళ్లు చాలు. పావుగంట, ఇరవై నిమిషాల్లో చాలావరకు దిగిపోవాలి. మూడు నిమిషాల్లోనే దిగి టీ రంగులో ఉంటే, ఈసారి పొడి గరుకెక్కువైందని అర్థం.

వంటింటి కిటికీ: వడకట్టాను. చేదుగానే ఉంది గానీ అత్తగారు గ్లాసు ఖాళీ చేశారు. థాంక్స్ అండీ.

గోదారి గట్టు: పాత కొట్టు గారూ, మరి చికోరీ కలిపిన పొడైతే ఇంకాస్త గరుకుగా పట్టించాలా?