హాస్టల్ నుంచి అమ్మకు ఫోన్: ఈ మాట పదహారేళ్ల పిల్లాడి నోట ఎలా వస్తుంది?

శైలజ: కథ ఒకటి రాస్తున్నానండీ. ఒంగోలు పక్క పల్లెటూరి అబ్బాయి, పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. విజయవాడలో హాస్టల్లో చేర్చి నెల దాటింది. ఆఫీస్ ఫోన్ నుంచి అమ్మకు చేస్తాడు. ఇప్పుడు రాసిన మాట ఇదీ:

"అమ్మా, నేను ఇక్కడ తీవ్రమైన ఒంటరితనాన్ని అనుభవిస్తున్నాను. దయచేసి నా బాధను అర్థం చేసుకుని నన్ను ఇంటికి తీసుకువెళ్ళు."

చదివిన స్నేహితురాలు "వీడు వక్తృత్వ పోటీలో మాట్లాడుతున్నట్టున్నాడే" అంది. నిజమే అనిపించింది. భావం పోకుండా ఎలా మార్చను?

సుబ్బారావు: వాక్యంలో దోషమేమీ కనిపించట్లేదమ్మా. ఇది వ్యావహారికమే. గిడుగు రామమూర్తి గారు పోరాడింది ఇలాంటి భాష కోసమే కదా. కాకపోతే "వెళ్ళు" అని ళ వత్తు పెట్టారు, "వెళ్లు" అని ల వత్తు పెట్టేవాళ్లూ ఉన్నారు. పత్రిక పద్ధతి ఏదో చూసుకోండి.

శైలజ: దోషం సంగతి కాదండీ. ఆ వయసు పిల్లాడు మాట్లాడినట్టు లేదని నా బాధ.

కిరణ్: సింపుల్ అండీ. ఇప్పటి పిల్లలెవరూ ఇంత తెలుగు మాట్లాడరు. ఇలా రాయండి: "మమ్మీ, ఇక్కడ ఫుల్ లోన్లీగా ఉంది, మెంటలెక్కిపోతోంది. ప్లీజ్, తీస్కెళ్లిపో." "దయచేసి" మాత్రం ముందు తీసెయ్యండి, అది రైల్వే స్టేషన్ మైకులో తప్ప వినపడదు.

సాహితి: నేను ఇంటర్ సెకండియర్, నేనూ హాస్టలే. "లోన్లీ" అని అమ్మతో అనం అండీ. ఫ్రెండ్స్‌తో కూడా పెద్దగా అనం. "బోర్ కొడుతోంది" అంటాం, "ఇక్కడ బాలేదు" అంటాం. ఫుడ్ బాలేదని చెప్తాం, ఎందుకంటే అది చెప్తే ఎవరూ ఏమీ అనరు. ఇంకోటి, ఫోన్ చేసేటప్పుడు వెనక లైన్ ఉంటుంది, వార్డెన్ పక్కనే ఉంటారు. అంత పెద్ద మాట మాట్లాడే టైమే ఉండదు.

రమణమూర్తి: రేడియోకు నాటికలు రాసిన అలవాటుతో చెప్తున్నాను, సాహితి చెప్పినదాంట్లోనే సగం జవాబు ఉంది.

కిరణ్ గారు "దయచేసి" గురించి అన్నది సరైనదే. తెలుగు పిల్లాడు అమ్మను "ప్లీజ్ మా" అని బతిమాలతాడు, "దయచేసి" అనడు. కానీ ఇంగ్లీషు మాటలు చల్లితే వయసు రాదు. "ఒంటరితనాన్ని అనుభవిస్తున్నాను" తీసేసి "లోన్లీగా ఉంది" పెట్టినా, పిల్లాడు తన మనసుకు తానే పేరు పెట్టి అమ్మకు అప్పగిస్తూనే ఉన్నాడు. అసలు చిక్కు అక్కడ. పైగా ఈ ఏడు వాడుకలో ఉన్న యాస మాట నాలుగేళ్లకు పాతబడి కథను కూడా పాతబరుస్తుంది. స్టడీ అవర్, అవుటింగ్, సెక్షన్ లాంటివి వేరు. వాటికి పిల్లల దగ్గర ఇంకో మాట లేదు కాబట్టి ధైర్యంగా ఉంచండి.

ముందు వాక్యాన్ని నోటికి తెచ్చుకుందాం. "అనుభవిస్తున్నాను"లో చివరి "ను" మాట్లాడేటప్పుడు చాలామందికి రాలిపోతుంది: ఉన్నా, తిన్నా, చెప్తున్నా. క్రియలోనే "నేను" తెలుస్తోంది కాబట్టి ముందున్న "నేను" కూడా అక్కర్లేదు. క్రియ వాక్యం చివరే ఉండాలన్న పట్టింపు కూడా మాటలో ఉండదు. "నన్ను ఇంటికి తీసుకువెళ్ళు" అనేది "తీస్కెళ్లిపోమ్మా నన్ను" అవుతుంది. ముందు పని బయటపడుతుంది, ఎవర్నన్నది తర్వాత.

ఇంతవరకు చేస్తే: "ఇక్కడ బాలేదమ్మా. తీస్కెళ్లిపో నన్ను."

ఇది పలుకుతుంది. అయినా నాకు తృప్తి లేదు. పక్కన వార్డెన్, వెనక లైన్. ఫీజు కట్టడానికి నాన్న ఏం చేశాడో పిల్లాడికి తెలుసు. మొదటి మాటకే "తీస్కెళ్లిపో" అనగలడా? నేనైతే ఇలా రాస్తాను:

"ఏం చేస్తున్నావ్?"
"ఏముంది నాన్నా, ఇప్పుడే గిన్నెలు తోమా. తిన్నావా?"
"ఆ, తిన్నా. ఈ ఆదివారం వస్తారా?"
"ఈ ఆదివారమంటే... ఏం, ఒంట్లో బాలేదా?"
"బానే ఉంది. ఊరికే అడిగా."

శైలజ: బాగుందండీ, కానీ నాకొక ఇబ్బంది. తర్వాతి సీనులో అమ్మ నిద్రపోకుండా బస్సెక్కాలి. "ఊరికే అడిగా" అంటే ఆవిడ ఎందుకు బయల్దేరుతుంది?

పద్మావతి: బయల్దేరుతుందమ్మా. మా వాణ్ని కూడా ఇలాగే వేశాం. వాడు ఎప్పుడూ ఏడవలేదు, బాలేదని చెప్పలేదు. ఒకరోజు ఫోన్ ఎత్తగానే "నాన్న పక్కన ఉన్నాడా?" అన్నాడు. లేడు అన్నా. "సరే, ఏం లేదులే" అన్నాడు. నాకు గుండె జారిపోయింది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కా. ఏం జరిగిందో వాడు ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు బీటెక్ చేస్తున్నాడు, బాగానే ఉన్నాడు.

రమణమూర్తి: పద్మావతి గారూ, మీరు చెప్పినదానికి మించి నేను రాయలేను. "ఏం లేదులే"లో ఆ "లే" చూడండి. "ఏం లేదు" అంటే నిజంగా లేకపోవచ్చు. "ఏం లేదులే" అంటే ఉంది, ఇప్పుడు వదిలెయ్ అని. శైలజ గారూ, అమ్మ బస్సెక్కడానికి అది చాలు.

బాధ ఇంకాస్త పైకి రావాలంటే, అమ్మ గుచ్చి గుచ్చి అడిగినప్పుడు విసుక్కోనివ్వండి: "బానే ఉన్నా అని చెప్తున్నాగా! ఎన్నిసార్లు అడుగుతావ్?" "చెప్తున్నాను కదా" అని రాస్తే ఓపిగ్గా నచ్చచెప్పే మాట. "చెప్తున్నాగా" అంటే విసురు. పదహారేళ్ల వాడికి ఏడుపు కోపంగానే బయటికొస్తుంది.

కిరణ్: ఒప్పుకుంటున్నా. కానీ మొత్తం మౌనమే అయితే పాఠకుడికి అందదేమో. కొంతమంది పిల్లలు నిజంగానే గడగడా చెప్పేస్తారు. మా చెల్లెలు అలాగే, ఒక్కటి దాచుకోదు.

సాహితి: అవును, మా రూమ్‌లోనూ అలాంటి అమ్మాయి ఉంది. ఫోన్ పట్టుకోగానే ఏడ్చేస్తుంది. కాకపోతే అదీ ఇలా ఉంటుంది: "నేనుండను, నేనుండనంటే ఉండను, నువ్వొచ్చెయ్ అంతే." కారణం చెప్పదు.

రమణమూర్తి: అదీ నిజమే. మీ అబ్బాయి ఏ రకమో మీకే తెలియాలి శైలజ గారూ. ఏ రకమైనా ఒకటి గమనించండి. దాచేవాడూ "నేను బాధపడుతున్నాను" అనడు, చెప్పేసేవాడూ అనడు.

శైలజ: మావాడు దాచేవాడే. ఇలా రాశాను, చూడండి:

"నాన్న పక్కన ఉన్నాడా?"
"పొలం పోయాడు. ఏం నాన్నా?"
"ఏం లేదులే. ఈ ఆదివారం వస్తావా? నువ్వొక్కదానివే."
"ఏమైందిరా?"
"ఏం కాలేదని చెప్తున్నాగా! వస్తావా, రావా?"

ఇప్పుడు రెండు అనుమానాలు. ఒంగోలు వైపు "చెప్తన్నా", "వస్తన్నా" అంటారు కదా, అలా రాయాలా? రెండోది, "నాన్న ఉన్నాడా" అంటే మర్యాద లేదంటారేమో.

రమణమూర్తి: ఇది బాగుంది. "నువ్వొక్కదానివే" దగ్గర నేను ఆగాను. యాస విషయానికొస్తే, అమ్మ నోట "చెప్తన్నా" ఉంచి, పిల్లాడి నోట "చెప్తున్నా" ఉంచితే నెలలోనే హాస్టల్ మాట అంటుకుందని తెలుస్తుంది. ప్రతి మాటకూ యాస పెడితే పాఠకుడు అక్షరాలు కూడబలుక్కుంటూ కథ వదిలేస్తాడు.

పద్మావతి: నాన్నను మా ఇంట్లో "ఉన్నాడా" అనే అంటారు. అందులో అమర్యాదేం లేదు, చనువు.

సుబ్బారావు: మా ఇంట్లో పిల్లలు "నాన్నగారు ఉన్నారా" అంటారు. "ఉన్నాడా" అని అచ్చులో చూస్తే నాకు కష్టంగానే ఉంటుంది.

సాహితి: మా రూమ్‌లో ఆరుగురం. ముగ్గురు "ఉన్నారా", ముగ్గురు "ఉన్నాడా".

శైలజ: వాళ్ల నాన్న కౌలు రైతు, ఇంట్లో అందరూ నువ్వు అనే పిలుచుకుంటారు. "ఉన్నాడా" ఉంచుతాను. సుబ్బారావు గారూ, పత్రికవాళ్లు మార్చమంటే మళ్లీ మాట్లాడుకుందాం.