“హ్యాండ్‌షేక్”ను కరచాలనం అనవచ్చునా? వై-ఫై రక్షణ గురించిన ఒక వాక్యంపై చర్చ

శారద:
సభ్యులకు నమస్కారం. వై-ఫై రక్షణ చరిత్రపై ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ, అందులోని ముఖ్య వాక్యాన్ని ఇలా రాశాను: “వై-ఫై రక్షణ బలహీనమైన స్థిర కీ గుప్తీకరణ నుండి కరచాలనంపై ఆధారపడిన ఆధునిక రక్షణ దాకా ఎదిగింది.” సంపాదకులు “స్థిర”, “కరచాలనం” అనే రెండు మాటల కింద గీతలు గీసి, కారణమేమీ రాయకుండా తిప్పి పంపారు. ఈ రెండింటిలో దోషమేమిటో, వాటి స్థానంలో ఏ మాటలు నప్పుతాయో చెప్పగలరా?

విశ్వనాథం:
మొదటిదానిలో దోషం నాకు స్పష్టంగానే కనబడుతోంది. స్థిరాస్తి, స్థిరచిత్తం, స్థిరనివాసం అన్నప్పుడల్లా ఆ మాట మనకు మెచ్చుకోలుగానే వినబడుతుంది. “బలహీనమైన స్థిర కీ” అనగానే పాఠకుడు ఒక్క క్షణం తడబడతాడు. “మారని కీ” అంటే సరిపోతుంది. కరచాలనంలో మాత్రం నాకు తప్పేమీ తోచడం లేదు. పూర్వపు పద్ధతిలో ఇరుపక్షాలూ ఒకరినొకరు పలకరించుకునేవి కావు, కొత్త పద్ధతిలో పలకరించుకుంటాయి. వ్యాసకర్త చెప్పదలచినది అదే అయి ఉంటుంది.

రఫీ:
విశ్వనాథం గారూ, “స్థిర” విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ పూర్వపు పద్ధతిలో పలకరింపు లేదనడం నిజం కాదు, వాక్యంలోని అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. 1997 నాటి వై-ఫై ప్రమాణంలో భాగంగా వచ్చిన తొలి రక్షణ ఏర్పాటు వెప్‌లో “షేర్డ్ కీ” ధ్రువీకరణ అనే పద్ధతి ఉండేది. ఇప్పటి హ్యాండ్‌షేక్‌లో నాలుగు సందేశాలు ఉన్నట్టే, దానిలోనూ సరిగ్గా నాలుగు సందేశాలే. చేరాలనుకునే పరికరం అనుమతి అడుగుతుంది. యాక్సెస్ పాయింట్, అంటే ఇళ్ళలో మన రౌటర్, 128 బైట్ల సవాలును ఏ మరుగూ లేకుండా పంపుతుంది. పరికరం దాన్ని తన కీతో గుప్తీకరించి తిప్పి పంపుతుంది. సరిపోతే యాక్సెస్ పాయింట్ అంగీకారం తెలుపుతుంది. చూడడానికి ఇది నిక్షేపమైన కరచాలనమే, అయినా తలుపు బార్లా తెరిచింది కూడా ఇదే.

ఎలాగో ఒక్క బైటుతో చూపిస్తాను. వెప్‌లో ఆర్‌సీ4 అనే యంత్రాంగం కీ నుండి ఒక బిట్ల ప్రవాహాన్ని పుట్టిస్తుంది, సందేశాన్ని ఆ ప్రవాహంతో బిట్టుకు బిట్టు కలుపుతారు. రెండు బిట్లు వేరైతే ఫలితం 1, ఒకటే అయితే 0. పొంచి వినేవాడికి సవాలూ దొరుకుతుంది, జవాబూ దొరుకుతుంది.

```
సవాలు           01000001
జవాబు           11010110
కలిపితే ప్రవాహం    10010111

తనకు వచ్చిన సవాలు 01011010
ప్రవాహంతో కలిపితే   11001101
```

చివరి వరుస వాడు ఇవ్వవలసిన సరైన జవాబు. కీ ఏమిటో వాడికి తెలియనే తెలియదు, అయినా లోపలికి వచ్చేశాడు. అందువల్లనే వెప్ వాడక తప్పనివారికి ఆ ధ్రువీకరణను తీసివేసి, కీని పరీక్షించకుండానే చేర్చుకునే “ఓపెన్” పద్ధతే పెట్టుకోమని అప్పట్లో సలహా ఇచ్చేవాళ్ళం. విచిత్రంగా తోచినా అది సరైన సలహాయే.

శారద:
ప్రతి సందేశానికీ ప్రవాహం మారుతుందని నా మూలవ్యాసంలో ఉంది. మారితే, పాత ప్రవాహం వాడికెలా పనికివచ్చింది?

రఫీ:
మంచి ప్రశ్న. ప్రవాహం మారడం కోసం కీ ముందు 24 బిట్ల సంఖ్యనొకదాన్ని చేర్చేవారు. అవతలివారు విప్పుకోవాలి గనుక ఆ సంఖ్య సందేశంతోపాటు బహిరంగంగానే వెళుతుంది. దాన్ని ఎంచుకునే అధికారం పంపేవాడిదే, పాతదాన్ని మళ్ళీ వాడకూడదనే నిబంధన లేదు. దొంగ తాను విన్న సంఖ్యనే మళ్ళీ వాడితే, తన దగ్గరున్న ప్రవాహమే మళ్ళీ సరిపోతుంది.

దొంగ లేకపోయినా ఆ సంఖ్యలు తిరిగి రాక తప్పదు. 24 బిట్లంటే ఒక కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు విలువలు. వాటిని యాదృచ్ఛికంగా ఎంచుకుంటే సుమారు 5,000 సందేశాలు దాటేసరికే ఏదో ఒకటి పునరావృతమయ్యే అవకాశం సగానికి చేరుతుంది. కొన్ని కార్డులైతే ఆపి తెరిచిన ప్రతిసారీ సున్నా నుండే మొదలుపెట్టేవి. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ ఆ సంఖ్యల్లో కొన్ని కీని గురించిన ఆనవాళ్ళనే బయటపెడతాయని చూపించారు. 2007 నాటికి 104 బిట్ల కీని కూడా నిమిషం లోపల రాబట్టే దాడి వచ్చింది.

మాధవి:
నాకు తెలిసినంతలో కొత్త పద్ధతి కూడా అంత గొప్పదేమీ కాదు. వెప్ స్థానంలోకి వచ్చిన డబ్ల్యూపీఏ2లో పాస్‌వర్డ్ హ్యాండ్‌షేక్‌లోని ఆ నాలుగు సందేశాల్లోనే గుప్తంగా వెళుతుంది, కాబట్టే హ్యాండ్‌షేక్‌ను పట్టుకున్నవారికి పాస్‌వర్డ్ దొరికిపోతుంది. అలాంటప్పుడు దాన్ని కరచాలనమన్నా, నమస్కారమన్నా తేడా ఏముంది?

రఫీ:
మాధవి గారి మాటలో సగం నిజం, ఆ సగం ముఖ్యమైనది కూడా. అయితే పాస్‌వర్డ్ ఏ రూపంలోనూ గాలిలోకి వెళ్ళదు. 2004లో ఖరారైన పద్ధతి ప్రకారం, మొదట పాస్‌వర్డునూ నెట్‌వర్క్ పేరునూ కలిపి 4,096 సార్లు తిప్పి, ఇరువైపులా ఎవరికి వారే ఒక మూల కీని తయారుచేసుకుంటారు. ఆపైన యాక్సెస్ పాయింట్ ఒక కొత్త యాదృచ్ఛిక సంఖ్యను పంపుతుంది. పరికరం తన సంఖ్యను జోడించి, ఆ రెండు సంఖ్యలూ, రెండు పరికరాల చిరునామాలూ, మూల కీ కలిసిన మిశ్రమం నుండి ఆ పూటకు మాత్రమే చెల్లే కీని పుట్టించి, దానితో ఒక ముద్ర వేసి తన సంఖ్యను పంపుతుంది. యాక్సెస్ పాయింట్ అదే లెక్క తానూ కట్టి ముద్రను సరిచూసి, తన ముద్రతో మూడవ సందేశం పంపుతుంది. నాలుగవది అందిందన్న కబురు.

పట్టుకున్నవాడికి దక్కేవి ఆ సంఖ్యలూ, చిరునామాలూ, ముద్ర మాత్రమే. వాడు తీరిగ్గా ఒక్కొక్క పాస్‌వర్డునూ ఊహించి, ఇదే లెక్క కట్టి, ముద్ర కలుస్తుందేమో చూసుకోవచ్చు. ఎనిమిది అంకెల పాస్‌వర్డు అనుకుందాం. ఉన్నవి పది కోట్ల అవకాశాలు. సెకనుకు లక్ష ఊహలు పరీక్షించే యంత్రం ఉంటే వెయ్యి సెకన్లు, అంటే పదిహేడు నిమిషాల లోపే అన్నీ అయిపోతాయి. పొడవైన, అంతు చిక్కని పాస్‌వర్డుకు మాత్రం ఈ దారి పనిచేయదు. వెప్‌లో ఆ భేదమే లేదు: కీ ఎంత మంచిదైనా పోయేదే.

చలపతి:
చర్చకు అడ్డు వస్తున్నందుకు మన్నించండి. నా సమస్య కూడా హ్యాండ్‌షేక్‌దే. నిన్న రౌటర్‌లో నెట్‌వర్క్ పేరు మాత్రం మార్చాను, పాస్‌వర్డ్ ముట్టుకోలేదు. లైనక్స్ యంత్రంలోని ఫైల్లోనూ కొత్త పేరు రాశాను. అయినా `4-Way Handshake failed - pre-shared key may be incorrect` అని వస్తోంది. సిగ్నల్ బలహీనమైతే చేయి అందక ఇలా అంటుందా? వెప్ రోజుల్లో కీ తప్పయినా కనెక్ట్ అయినట్టే చూపించేది, చిరునామా మాత్రం వచ్చేది కాదు.

రఫీ:
చలపతి గారూ, మీ ఫైల్లో `psk=` పక్కన కొటేషన్ గుర్తుల మధ్య మీ పాస్‌వర్డ్ ఉందా, లేక గుర్తులు లేకుండా 64 అక్షరాల పొడవైన వరుస ఉందా?

చలపతి:
పొడవైన వరుసే. ఎప్పుడో `wpa_passphrase` ఇచ్చినదాన్ని అతికించాను.

రఫీ:
అదే కారణం. ఆ వరుస మీ పాస్‌వర్డ్ కాదు, పాత పేరుతో కలిపి తిప్పిన మూల కీ. పేరు మారగానే రౌటర్ వేరే మూల కీని కట్టుకుంది, మీ యంత్రం పాతదానితోనే ముద్ర వేస్తోంది. కొత్త పేరుతో ఆ ఆదేశాన్ని మళ్ళీ నడిపించండి.

మీరు చెప్పిన వెప్ సంగతి శారద గారికి పనికివస్తుంది. “ఓపెన్” పద్ధతిలో కీని ఎవరూ పరీక్షించరు గనుక చేరడం జరిగిపోయేది, ఆ తరువాతి సందేశాలేవీ విప్పుకోలేక చిరునామా అడగడం దగ్గరే ఆగిపోయేది. ఇప్పుడు ముద్ర కలవకపోతే యాక్సెస్ పాయింట్ రెండవ సందేశాన్ని మౌనంగా పారవేసి, మొదటిదాన్నే మళ్ళీ పంపుతుంది. “నీ కీ తప్పు” అని ఎవరూ చెప్పరు గనుకనే మీ తెరపై `may be` అని ఉంది. సిగ్నల్ బలహీనమైనా సందేశాలు పోవచ్చు, కానీ ప్రతిసారీ సరిగ్గా ఇక్కడే ఆగితే కీనే అనుమానించాలి.

విశ్వనాథం:
ఇప్పుడు నాకు మరొక మాట తోస్తోంది. కరచాలనం పలకరింపే. ఇక్కడ జరుగుతున్నది మాత్రం రహస్యాన్ని బయటపెట్టకుండా, అది తమకు తెలుసునని ఒకరికొకరు రుజువు చేసుకోవడం. మనకు “చేతిలో చేయి వేసి చెప్పడం” అనే పలుకుబడి ఉన్నది కదా, అది ప్రమాణం. “చేతులు కలపడం” అంటే కుమ్మక్కు అనే వాసన వస్తుంది కాబట్టి దాన్ని వదిలేద్దాం. “పరస్పర నిరూపణ” అంటే ఎలా ఉంటుంది?

మాధవి:
నిరూపణ అంటే సగమే కదా. రఫీ గారు చెప్పినదాన్ని బట్టి, చివరికి కొత్త కీ ఒకటి పుడుతోంది. ఆ పుట్టుక మీ మాటలో లేదు.

రఫీ:
నిజమే. పుట్టిన కీని వాడుకలో పెట్టడంలోనే 2017లో లోపం బయటపడింది కూడా. వాన్‌హూఫ్, పీసెన్స్ అనే పరిశోధకులు చూపించినదేమంటే, నాలుగవ సందేశాన్ని దారిలో ఆపితే యాక్సెస్ పాయింట్ మూడవదాన్ని మళ్ళీ పంపుతుంది, పరికరం అదే కీని రెండవసారి పెట్టుకుని సందేశాల లెక్కింపును మొదటికి తెస్తుంది. దాంతో ఒకే ప్రవాహం రెండుసార్లు వాడబడుతుంది. వెప్‌లోని ఆ పాత జబ్బే మరో దారిలో తిరిగి వచ్చిందన్నమాట. పాస్‌వర్డ్ మాత్రం పోలేదు. వచ్చిన కీనే తిరిగి పెట్టుకోకుండా పరికరాలను సరిచేశాక అది తీరింది.

ఇక 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3లోని ఎస్‌ఏఈలో, అంటే “సైమల్టేనియస్ ఆథెంటికేషన్ ఆఫ్ ఈక్వల్స్”లో, ఎవరైనా ముందు మొదలుపెట్టవచ్చు. ఇరువురూ ఒక్కొక్క నిబద్ధతా సందేశం, ఒక్కొక్క నిర్ధారణ పంపుకుంటారు. విన్నదాన్ని ఇంటికి తీసుకువెళ్ళి ఊహలు పరీక్షించే వీలుండదు, ప్రతి ఊహకూ ఎదురుగా వచ్చి అడగవలసిందే. రేపు పాస్‌వర్డ్ తెలిసినా నిన్న దాచుకున్న సందేశాలు విప్పబడవు. నన్నడిగితే సమానుల మధ్య నిజమైన కరచాలనం ఇదే, తమాషా ఏమంటే దీని పూర్తి పేరులో ఆ మాటే లేదు.

చలపతి:
రఫీ గారూ, కొత్త వరుస పెట్టగానే కలిసింది. ధన్యవాదాలు.

శారద:
నా వాక్యాన్ని ఇలా మార్చాను: “అందరూ పంచుకున్న మారని కీతోనే ప్రతి సందేశాన్నీ మరుగుపరచే వెప్ నుండి, ఆ రహస్యాన్ని గాలిలోకి వదలకుండా ప్రతి కలయికకూ కొత్త కీని పుట్టించుకునే పద్ధతుల దాకా వై-ఫై రక్షణ వచ్చింది.” ఇక్కడ “హ్యాండ్‌షేక్” అవసరమే రాలేదు. కానీ తరువాతి అధ్యాయంలో ఆ నాలుగు సందేశాల మార్పిడికి పేరు పెట్టక తప్పదు.

విశ్వనాథం:
అక్కడ “నాలుగు మాటల ఒప్పందం” అనండి.

రఫీ:
ఎస్‌ఏఈ ముగిశాక కూడా అది పుట్టించిన మూల కీతో ఆ నాలుగు సందేశాలూ మళ్ళీ నడుస్తాయి. డబ్ల్యూపీఏ3 అధ్యాయంలో రెండు ఒప్పందాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, రెండవదాన్ని ఒప్పందమంటే మొదటిదాన్ని ఏమంటారు? నేనైతే హ్యాండ్‌షేక్ అనే ఉంచుతాను.

విశ్వనాథం:
అలా ఉంచడానికి నాకు మనసొప్పడం లేదు. రెండు రోజులు గడువివ్వండి.