“తేడా లేదు”, “తేడా తేలలేదు”: సిద్ధాంత గ్రంథంలో ఏది రాయాలి?

పరిశోధక విద్యార్థిని, రావులపాలెం

నమస్కారమండి. దాళ్వా వరిలో ఊడ్పులు ఊడ్చిన మళ్లకీ, దమ్ము చేసి విత్తనం వెదజల్లిన మళ్లకీ దిగుబడిలో తేడా ఎంత అన్నది నా అంశం. సిద్ధాంత గ్రంథం మొత్తం తెలుగులోనే. ఒక్కో పద్ధతికి 32 చొప్పున 64 మళ్లు తీసుకున్నాను. ఊడ్చిన మళ్లలో ఎకరానికి సగటున 1.5 బస్తాలు ఎక్కువ వచ్చింది. బస్తా అంటే మన 75 కిలోలదే. రెండు గుంపుల్లోనూ క్రమ విచలనం 4 బస్తాలు. టీ విలువ 1.5, పి విలువ 0.14.

ఇంగ్లీషులో అయితే “నాట్ సిగ్నిఫికెంట్” అని రాసి ముందుకు పోతారు. నేను “రెండు పద్ధతుల మధ్య ముఖ్యమైన తేడా లేదు” అని రాశాను. గైడు గారు “ముఖ్యమైన” కొట్టేసి “సార్థకమైన” అని పెట్టారు. ఈ రెండింట్లో ఏది సరైన మాటండీ?

తెలుగు పండితురాలు, అమలాపురం

“ముఖ్యమైన” తీసేయడం మంచిదే అయిందమ్మా. ఎకరానికి బస్తాన్నర అంటే ఏ రైతుకైనా ముఖ్యమే. అది ముఖ్యం కాదని లెక్క చెప్పలేదు, చెప్పజాలదు కూడా. “గణనీయం” కూడా పనికిరాదు. అందులో గణన అన్న మాట చూసి అది లెక్కకు దగ్గర మాట అనుకుంటారు గానీ, పేపర్లలో “వరద గణనీయంగా పెరిగింది” అంటే బాగా పెరిగిందనే అర్థం. అది పరిమాణం చెప్పే మాట.

“సార్థకం”లో అర్థం ఉంది, అర్థంతో కూడినది అని. సార్థకనామధేయుడు అన్నప్పుడు పేరుకు తగ్గ అర్థం ఉన్నవాడనేగా. కానీ “జన్మ సార్థకమైంది” అన్న వాడుక కూడా జనం నోట గట్టిగా ఉంది. “సార్థకమైన తేడా లేదు” అని చదివితే, ఆ తేడా వల్ల ప్రయోజనం లేదు అనే వినిపిస్తుంది. ఒంటరిగా వాడితే అదీ దారి తప్పిస్తుంది.

లెక్కల టీచరు, తణుకు

మాటల సంగతి పండితులు చూసుకుంటారు గానీ, అర్థం మాత్రం తేలికండీ. పి విలువ 0.14 అంటే రెండు పద్ధతులకీ తేడా లేకపోవడానికి సంభావ్యత 14 శాతం అని. 5 శాతం దాటింది కాబట్టి తేడా లేదన్న శూన్య పరికల్పనను ఆమోదించాం. అంటే తేడా లేదు. “తేడా లేదు” అని రాసేస్తే సరిపోతుంది, విశేషణమే అక్కర్లేదు.

విశ్రాంత సాంఖ్యక శాస్త్ర అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

మాస్టారూ, 5 శాతం గీత దాటిందన్నది సరే. మిగతా రెండు మాటలూ సరిదిద్దుకోవాలి, ఎందుకంటే అమ్మాయి వాక్యం తప్పింది సరిగ్గా అక్కడే.

పి విలువ పరికల్పన నిజమయ్యే సంభావ్యత కాదు. దాన్ని తెలుగులో ఇలా చెప్పొచ్చు: “రెండు పద్ధతులకీ నిజంగా ఏ తేడా లేదనుకుందాం. అప్పుడు కూడా ఇలాంటి 64 మళ్లను మళ్లీ మళ్లీ ఎంచి కొలిస్తే, 100కి దాదాపు 14 సార్లు 1.5 బస్తాలో అంతకు మించో తేడా, ఎటువైపైనా, మళ్ల ఎంపిక వల్లే కనిపిస్తుంది.” వాక్యం పొడుగైంది, కానీ “అనుకుందాం” అన్న మాట అందులోంచి జారిపోకూడదు. అది జారితే మీరు చెప్పిన అర్థం వచ్చేస్తుంది.

ఇక రెండోది. తెలుగులో కాదనే మాట క్రియకు అంటుకుని వస్తుంది. అందువల్ల ఏ క్రియను కాదంటున్నామో చూసుకోవాలి. “తేడా లేదని తేలింది” అన్నది ఒక నిర్ణయం. “తేడా ఉందని తేలలేదు” అన్నది నిర్ణయం కుదరలేదన్న కబురు. మన లెక్క చెప్పేది రెండోదే. ఇంగ్లీషు ముక్కలో “నాట్” విశేషణం ముందు కూర్చుంటుంది. దాన్ని తెలుగులోకి దించేటప్పుడు మన చెయ్యి అలవాటుగా “లేదు” దగ్గరకు పోతుంది. విశేషణం ఏది పెట్టినా చివర “లేదు” ఉన్నంతకాలం తప్పు పోదు. గైడు గారి దిద్దుబాటు చాలనిది ఇందుకే.

అలాగే “శూన్య పరికల్పనను ఆమోదించాం” అనకండి. “తోసిపుచ్చడానికి ఆధారం చాలలేదు” అనండి.

ఎందుకు చాలలేదో అంకెలే చెబుతాయి. విచలనం 4, గుంపుకి 32 మళ్లు. రెండు సగటుల తేడాకు ప్రామాణిక దోషం ఇలా వస్తుంది:

```
4 × √(1/32 + 1/32) = 4 × 0.25 = 1.0
```

తేడా 1.5, దోషం 1.0, కాబట్టి టీ 1.5. ఇక్కడ స్వేచ్ఛా అవధులు 62, వాటికి టీ పట్టికలో విలువ ఇంచుమించు 2.0. కాబట్టి 95 శాతం విశ్వాస అంతరం 1.5కు అటూ ఇటూ 2 బస్తాలు, అంటే -0.5 నుంచి 3.5 దాకా. సున్నా ఆ హద్దుల్లో ఉంది, నిజమే. మూడు బస్తాలు కూడా ఉన్నాయి కదా! మూడు బస్తాల లాభం ఉండే వీలున్న చోట “తేడా లేదు” అని ఎలా రాస్తాం?

వ్యవసాయ విస్తరణ ఉద్యోగి, భీమవరం

ఒక్క బస్తా దోషం అంటే చాలా ఎక్కువండీ. కోతలో జాగ్రత్త పడి ఉండాల్సింది. పంట కోత ప్రయోగానికి 5 మీటర్లు × 5 మీటర్ల గడి కోస్తాం. 25 చదరపు మీటర్ల తూకాన్ని ఎకరానికి మార్చాలంటే దాదాపు 162తో హెచ్చవేయాలి. గడిలో ఒక్క కిలో తేడా పడితే ఎకరానికి 162 కిలోలు, రెండు బస్తాల పైమాటే. తాడు సాగినా, గట్టు పక్క దుబ్బులు లోపలికి వచ్చినా, గింజ తడిగా ఉండగా తూచినా ఆ కిలో ఇట్టే వస్తుంది. ముందు కాటా, తేమ సరిచూసుకోమనండి.

విశ్రాంత సాంఖ్యక శాస్త్ర అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

మీ 162 లెక్క విలువైనదండీ, దిగుబడి ఎలా కొలిచారన్న అధ్యాయంలో అది ఉండి తీరాలి. కానీ ఇక్కడి “దోషం” తూకంలో జరిగిన పొరపాటు కాదు. కాటా నూటికి నూరుపాళ్లు సరిగ్గా ఉన్నా ఆ ఒక్క బస్తా పోదు. మళ్లు ఒకదానికొకటి తేడాగా పండుతాయి, మనం కొన్నిటినే చూశాం, కాబట్టి వేరే 64 మళ్లు తీసుకుంటే తేడా కూడా అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాటకు కొలత అది. తూకంలో అడ్డదిడ్డంగా పడే తప్పులు మళ్ల మధ్య విచలనాన్ని పెంచి, ఆ దారిన ఇందులోకి వస్తాయి. కాటా ప్రతిసారీ ఒకే వైపు తప్పు చూపితే మాత్రం ఈ కొలత దాన్ని పట్టుకోలేదు.

వరి గురించి ఇంత తెలిసిన మీరే అలా చదివారంటే “దోషం” అన్న మాట ఒంటరిగా నిలబడలేదన్నమాట. మాట మార్చమనను, పాఠాల్లో అలవాటైంది. మొదటిసారి వాడిన చోట “ఇది కొలతలో తప్పు కాదు, ఎంపిక వల్ల వచ్చే ఊగిసలాట” అని ఒక వాక్యం రాయాలి.

ఇంకొకటమ్మా. నువ్వు “క్రమ విచలనం” అన్నావు, నేను “ప్రామాణిక దోషం” అన్నాను. ఇంగ్లీషులో రెండింటికీ ముందుండే మాట ఒకటే, “స్టాండర్డ్”. సిద్ధాంత గ్రంథంలో రెంటికీ “ప్రామాణిక” అనే పెట్టు, చుట్టరికం కనబడుతుంది.

కొబ్బరి మీద పరిశోధన, అంబాజీపేట

నా ఇబ్బంది కూడా ఇలాంటిదేనండి. మండలంలోని కొబ్బరి చెట్లన్నిటినీ కలిపి చెప్పడానికి పుస్తకాల్లో “జనాభా” అని ఉంది. “కొబ్బరి చెట్ల జనాభా నుంచి నమూనా తీసుకున్నాం” అని రాస్తే వైవాలో అందరూ అక్కడే ఆగుతారేమోనని భయం. “సమష్టి” అనొచ్చా?

తెలుగు పండితురాలు, అమలాపురం

జనం లేనిచోట జనాభా ఎబ్బెట్టే. “సమష్టి” బాగుంది. వ్యష్టి, సమష్టి జంట మనకు పాతదే కాబట్టి “సమష్టిలోని ఒక్కో చెట్టు” అని సాఫీగా నడుస్తుంది. మొదటి అధ్యాయంలో “పాఠ్యపుస్తకాల్లోని జనాభాకే ఇక్కడ సమష్టి” అని ఒక్కసారి చెప్పి, చివరి దాకా అదే వాడండి.

లెక్కల టీచరు, తణుకు

పి విలువ విషయంలో నేను పొరబడ్డాను, ఒప్పుకుంటున్నానండీ. ఒక సందేహం. “తేలలేదు” అని రాస్తే పరిశోధన విఫలమైందనుకోరా? ఎప్పటికి తేలినట్టు?

విశ్రాంత సాంఖ్యక శాస్త్ర అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

ఎన్ని మళ్లుంటే తేలేదో కూడా రాస్తే ఎవరూ అలా అనుకోరు. విచలనం 4 బస్తాలు, నిజమైన తేడా 1.5 అనుకుందాం. దాన్ని 5 శాతం గీత మీద, 100కి 80 సార్లు పట్టుకోవాలంటే ఒక్కో పద్ధతికి దాదాపు 112 మళ్లు కావాలి. 32తో మొదలుపెట్టినప్పుడే ఇంత చిన్న తేడా జారిపోయే అవకాశం ఎక్కువ. నిజమైన తేడా 3 బస్తాలైతే 28 చాలు. తేడా రెట్టింపైతే కావలసిన మళ్లు నాలుగో వంతుకు దిగుతాయి.

ఆ 5 శాతం గీత కూడా ప్రకృతి గీసింది కాదు. 1925లో ఫిషర్ ఇరవైలో ఒకటి అన్న హద్దును అనువుగా ఉంటుందని సూచించాడు, అది ఆచారంగా స్థిరపడింది. అందుకని పి విలువను అంకెగా చూపించాలి. “5 శాతం కంటే ఎక్కువ” అని మాత్రమే రాస్తే 0.06కీ 0.60కీ తేడా తెలియదు.

పరిశోధక విద్యార్థిని, రావులపాలెం

చాలా మేలు చేశారండి. వాక్యాన్ని ఇలా మార్చాను:

“ఊడ్చిన మళ్లలో దిగుబడి ఎకరానికి సగటున 1.5 బస్తాలు ఎక్కువగా కనిపించింది. 95 శాతం విశ్వాస అంతరం -0.5 నుంచి 3.5 బస్తాలు, పి విలువ 0.14. ఈ అంతరం సాంఖ్యకంగా సార్థకమని తేలలేదు. అయితే మూడు బస్తాల వరకు లాభం ఉండే వీలును ఈ 64 మళ్ల సమాచారం తోసిపుచ్చడం లేదు.”

తెలుగు పండితురాలు, అమలాపురం

“సాంఖ్యకంగా” చేర్చి “సార్థకం” ఒంటరితనం పోగొట్టావు, బాగుంది. కానీ “అంతరం” రెండుచోట్ల వచ్చింది. మొదటిది హద్దుల మధ్య జాగా, రెండోది సగటుల తేడా. చదివేవాడు “ఈ అంతరం” అంటే ఏదనుకోవాలి? సగటుల మధ్యదాన్ని “తేడా” అనే రాయి. హద్దులకు “విశ్వాస అవధి” అంటే ఎలా ఉంటుంది?

లెక్కల టీచరు, తణుకు

“అవధి” వద్దండీ. ఇంటర్ కలనగణితంలో అవధులు వేరే పాఠం, పైగా ఇదే గ్రంథంలో స్వేచ్ఛా అవధులు కూడా ఉన్నాయి. పదో తరగతి నుంచీ “తరగతి అంతరం” అలవాటే కాబట్టి “అంతరం” ఉంచడమే మేలు.

తెలుగు పండితురాలు, అమలాపురం

తరగతి అంతరంలో కూడా ఆ మాట నాకు పూర్తిగా నచ్చలేదు మాస్టారూ. వాడుకలో అంతరమంటే ఎడం, వ్యత్యాసం. రెండు హద్దుల మధ్య ఉన్న జాగాను చెప్పే మాట ఇంకోటి దొరకాలి. అంతదాకా “విశ్వాస అంతరం” అన్న ప్రతిచోటా “నుంచి, దాకా” అని రెండు అంకెలూ పక్కనే ఉంచమ్మా.