పేర్లు లేని కాలమ్‌లు, కలిపేసిన హెడింగులు: మామ పంపిన పాల లెక్క ఏం చేయాలి?

పలమనేరు పిల్లోడు
అన్నలూ, మా మామ ఊళ్ళో పాల కేంద్రం చూసుకుంటాడు. నిన్న వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ ఫైలు పంపి "కొంచెం చూడు రా" అన్నాడు, అంతే. దేనికో చెప్పలే. ఫోన్ చేస్తే ఎత్తడు. A పాలు పోసేవాళ్ళ నంబరు, B తేదీ. C నుంచి G దాకా కలిపేసి "ఉదయం", H నుంచి L దాకా కలిపేసి "సాయంత్రం". కింద కాలమ్‌లకు పేర్లే లేవు. ఒక వరుస ఇట్ట ఉండాది: 12.4, 4.2, 8.2, 36.20, 435.81. యాడ మొదలుపెట్టాలి?

బెంగుళూరు చిత్తూరోడు
ఇది రెండు నిమిషాల పని. పదేళ్ళుగా ఇదే చేస్తాండా.
```
pd.read_excel("paalu.xlsx", header=[0,1])
```
అయిపాయె.

తిరుపతి లెక్కలక్క
ఏం అయిపోయింది నాయనా? రెండో వరుస ఖాళీ అని చెప్తున్నాడు కదా. ప్రతి కాలమ్ పేరులో `Unnamed` అని వస్తుంది. ఉదయం, సాయంత్రం విడిపోతాయి, నిజమే. లోపల ఏది ఏందో మాత్రం నీ పైథాన్‌కూ తెలీదు.

పుంగనూరు రాజా
పైవరుస తీసి పారెయ్ తమ్ముడూ. అన్‌మెర్జ్ కొట్టు, డిలీట్ కొట్టు, సార్టు చేసుకో. నేనట్టనే చేస్తా.

తిరుపతి లెక్కలక్క
అన్‌మెర్జ్ వరకు సరే. డిలీట్ చేస్తే ఏ అయిదు కాలమ్‌లు పొద్దుటివో, ఏవి సాయంత్రానివో ఎట్ట తెలుస్తుంది? కలిపిన గడిలో రాత ఎడమ చివర గడిలోనే ఉంటుంది, తక్కినవన్నీ ఖాళీ. విడదీశాక C1 నుంచి L1 దాకా ఎంచుకో. F5, Special, Blanks. తర్వాత `=C1` అని కొట్టి Ctrl+Enter. ప్రతి ఖాళీ గడి తన ఎడమ గడిలోది తెచ్చుకుంటుంది.

మదనపల్లె టమోటా
మా మండీ షీటులోనూ ఇదే గోల. బాక్సుల లెక్కలో అడుగున "మొత్తం" వరుస ఉండాది, అది కూడా కూడేసి రెండింతలు చూపించినా. యజమాని తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవిలో ఉండాయి.

పుంగనూరు రాజా
సరే గానీ ఆ 4.2 ఉష్ణోగ్రత. కూలర్‌లో పాలు 4 డిగ్రీలకు తెస్తారు, నేను పని చేసినోణ్ణి.

బెంగుళూరు చిత్తూరోడు
ఉష్ణోగ్రతా! పొద్దున పిండుకొచ్చిన పాలు వెచ్చగా ఉంటాయి స్వామీ.

పుంగనూరు రాజా
నువ్వు ఏసీ గదిలో కూర్చుని నాకు పాలు నేర్పిస్తావా? డెయిరీ గేటు మొహం చూసినావా ఎప్పుడన్నా?

తిరుపతి లెక్కలక్క
కూలర్ సంగతి రాజా చెప్పింది నిజమే, కానీ అది ట్యాంకుకు ఒక అంకె. ఇక్కడ మనిషికో అంకె. తమ్ముడూ, 4.2 కంటే ఎక్కువున్న వరుసల్లో రేటు కూడా పెరుగుతుందా చూడు.

పలమనేరు పిల్లోడు
చూసినా అక్కా. ఒకాయనకు 4.6, 8.2. రేటు 37.60.

తిరుపతి లెక్కలక్క
పక్కనున్న 8.2 మారకుండా రేటు పెరిగిందంటే 4.2 ఫ్యాటే. ఆ 8.2 ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే పాలలో ఫ్యాటూ నీళ్ళూ కాక మిగిలిన గట్టి పదార్థం. ఇంక 12.4 లీటర్లేనా? గుణించి చూడు: 12.4 × 36.20 = 448.88. షీటులో 435.81 ఉంది. పదమూడు రూపాయలు యాడికి పోయినాయి?

మదనపల్లె టమోటా
కోత! మా మండీలోనూ ఇంతే.

తిరుపతి లెక్కలక్క
నూటికి మూడు కోసినారనుకో, 435.41 రావాల. 1.03తో భాగించు, 435.81 వస్తుంది, పైసతో సహా. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. కాబట్టి C కిలోలు, పైకం లీటర్ల మీద. ఒక్క వరుస చూసి నమ్మొద్దు, పక్కన ఖాళీ కాలమ్‌లో ఇది కిందిదాకా లాగు:
```
=G3/(C3*F3)
```
అంతటా 0.971 దగ్గర ఉంటే నేను చెప్పింది సరి. ఒక్కో వరుసకు ఒక్కోటి వస్తే కాదు.

బెంగుళూరు చిత్తూరోడు
ఇంత తవ్వడం దేనికి? ఆయనకు ప్రింటు ఒక పేజీలో రావాలేమో! ముందు అడగండి.

తిరుపతి లెక్కలక్క
ఫోన్ ఎత్తడం లేదని మొదట్లోనే రాసినాడు. కానీ అడగమన్నది ఒప్పుకుంటా. "పైకం సరిపోయిందా చూడాలా, ఎవరి పాలు తగ్గినాయో చూడాలా?" అని రెండు దారులు చూపించి మెసేజ్ పెట్టు. "ఏం కావాలి" అంటే ఆయన మళ్ళీ "చూడు" అనే అంటాడు.

పలమనేరు పిల్లోడు
లాగినా. ఉదయం అంతా 0.971. సాయంత్రానికి `=L3/(H3*K3)` పెట్టి లాగితే అన్ని వరుసల్లో 1! మామ ఇప్పుడే జవాబిచ్చినాడు: "ఎదురింటి అత్త సాయంత్రం పాలకే ఎక్కువ పైకం వస్తాందంటాది, అది చూడు."

పుంగనూరు రాజా
సాయంత్రం కాటా వేరే ఉంటుంది. లీటర్లలో పెట్టినారేమో.

తిరుపతి లెక్కలక్క
ఉండచ్చు. లేదా కిలోలనే లీటర్లనుకుని కట్టినా 1 వస్తుంది. షీటు అది చెప్పదు. సాయంత్రం కాటా మీద పది లీటర్ల కొలత పాత్ర నిండా పాలు పెట్టించు: పాత్ర బరువు తీసేసినాక 10 చూపిస్తుందా, 10.3 చూపిస్తుందా?

మదనపల్లె టమోటా
అక్కా, నా బాక్సుల షీటు పంపేదా?