“మీరు ఏమైనా పని చేస్తున్నారా?” ఈ ప్రశ్నను ఎలా మార్చాలి?

సుజాత: ఉపాధి గురించిన సర్వేకి తెలుగులో ప్రశ్నలు రాస్తున్నాం, మొదటి ప్రశ్న దగ్గరే చిక్కుపడ్డాం. “మీరు ఏమైనా పని చేస్తున్నారా?” అని అడిగితే ఒకావిడ “లేదండీ, ఇంట్లోనే ఉంటాను” అన్నారు. ఆ తర్వాత మాటల్లో తెలిసింది, భర్త భోజనానికి వెళ్లినప్పుడు రోజూ రెండు గంటలు వాళ్ల కొట్లో కూర్చునేది ఆవిడేనట. మా లెక్కలో అది పని, ఆవిడ లెక్కలో కాదు. జవాబు మేమే నోటికి అందించినట్టు ఉండకుండా దీన్ని ఎలా తిరగరాయాలి?

మూర్తి: ‘ఏమైనా’ కాదు, ‘ఏదైనా’ అనాలి. పని ఏకవచనం. అది సరిచేస్తే చాలు.

సుజాత: మూర్తి గారూ, ‘ఏదైనా’ అన్నా ఆవిడ లేదనే అంటారు. చిక్కంతా ‘పని’ దగ్గరుంది.

కిరణ్: “ఇల్లు, కొట్టు చూసుకోవడం కూడా పనే కదండీ, మరి మీరు పని చేస్తున్నట్టే కదా?” అని అడగండి, వెంటనే అర్థమవుతుంది.

పద్మజ: కొట్టు సంగతి గుర్తు చేయాలన్నంతవరకు కిరణ్ గారితో ఏకీభవిస్తాను. కానీ ప్రశ్నలో ‘కదా’ పడితే ఎదుటి మనిషికి అవునని తలూపడమే మర్యాద అనిపిస్తుంది, ఇక ఆ జవాబు మనదే, వాళ్లది కాదు. పైగా ఇల్లు, కొట్టు ఒకే వాక్యంలో కలిపితే ఆ ‘అవును’ దేనికో తెలీదు. 2013లో కార్మిక గణాంకవేత్తల అంతర్జాతీయ సమావేశం ఈ రెండింటినీ విడదీసింది. సొంత ఇంటికి వండటం, పిల్లల్ని చూసుకోవడం కూడా పనే, కానీ ఉపాధి లెక్కలోకి రాదు. కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా సాయం చేస్తే మాత్రం ఉపాధే.

అందుకే నేనైతే ‘పని’ అన్న మాట మీదే భారమంతా వేయను, రెండుగా అడుగుతాను. మొదటిది: “పోయిన బుధవారం నుంచి నిన్నటి మంగళవారం వరకు మీరు జీతానికి గానీ కూలికి గానీ ఒక గంట లేదా అంతకంటే ఎక్కువసేపు పని చేశారా?” రెండోది: “అవే రోజుల్లో మీ సొంత లేదా మీ కుటుంబ కొట్లో, వ్యాపారంలో, డబ్బు మీ చేతికి వచ్చినా రాకపోయినా, ఒక గంట లేదా అంతకంటే ఎక్కువసేపు ఉన్నారా, సాయం చేశారా?” ‘గత వారం’ అంటే కొందరు సోమవారం నుంచి లెక్కేస్తారు, కొందరు ఇవాళ్టి నుంచి వెనక్కి లెక్కేస్తారు, అందుకే రోజుల పేర్లు చెప్పాను. ‘కనీసం ఒక్క గంటైనా’ అని మాత్రం రాయకండి, అది నిలదీసినట్టు వినిపిస్తుంది.

సుజాత: రెండో ప్రశ్నలో ‘ఉన్నారా, సాయం చేశారా’ అని రెండు క్రియలున్నాయే?

పద్మజ: మంచి పట్టు. కూర్చోవడం, అమ్మడం, సరుకు సర్దడం అన్నీ రావాలని అలా రాశాను. ‘పనిలో పాలుపంచుకున్నారా’ అంటే ఒక్కటవుతుంది గానీ కాస్త పుస్తకాల వాసన. ఏది నప్పుతుందో అడిగి చూడాల్సిందే.

కిరణ్: చూడటమంటే ఎలా? “అర్థమైందా?” అంటే అందరూ అర్థమైందనే అంటారు.

పద్మజ: అంటారు, అందుకే అలా అడగకూడదు. జవాబు చెప్పాక “ఇప్పుడు నేనేం అడిగానో మీ మాటల్లో చెప్పండి” అనాలి, లేదా “లేదు అన్నప్పుడు మీకు ఏమేం గుర్తొచ్చాయి?” అనాలి. ఉద్యోగం మాత్రమే గుర్తొచ్చిందంటే ప్రశ్న ఇంకా కుదరనట్టే. ఇంకో సంగతి, వాళ్లు ఆగినప్పుడు “అంతేనా?” అంటే తలుపు మూసేసినట్టు, “ఇంకేమైనా ఉన్నాయా?” అంటే మిగతావీ చెప్తారు.

లలిత: నా సంగతి వేరే. మా ఇంటికి సర్వేకి వచ్చినాయన నన్నడగనే లేదు, మావారినే అడిగారు. “ఆవిడ ఖాళీగానే ఉంటుంది” అని రాయించేశారు. నేను ఇంట్లోనే బట్టలు కుట్టి డబ్బు తీసుకుంటాను. ప్రశ్న ఎంత బాగున్నా ఎవర్ని అడుగుతున్నారో కూడా చూడాలి కదా.

సుజాత: చాలా ముఖ్యమైన మాట లలిత గారూ. ఒకరి తరఫున ఇంకొకరు చెప్పిన జవాబులకి వేరే గుర్తు పెట్టమని మా వాళ్లకి చెప్తాను.

కిరణ్: పొలం, పెరడు సంగతేంటి? పండించింది కొంత తింటారు, కొంత అమ్ముతారు.

పద్మజ: అక్కడ “పండించింది ఎక్కువగా అమ్మకానికా, ఇంటికా?” అని విడిగా అడుగుతారు. చాలామంది “రెండూ” అంటారు. ‘ఎక్కువగా’ అనేది బరువుకా, డబ్బుకా అనేది వాళ్లకి తోచినట్టు తీసుకుంటారు. దీనికి నాకు నచ్చిన వాక్యం ఇంకా దొరకలేదు. ఎవరైనా రాసి పెట్టండి, చూద్దాం.

మూర్తి: “పంట చేతికొచ్చాక అందులో సగానికంటే ఎక్కువ ఎక్కడికి పోతుంది?” అంటే?

పద్మజ: బాగుంది, ‘కూడా’లు, ‘కదా’లు లేవు. కానీ పంట ఇంకా చేతికి రానివాళ్లు దీనికి ఏం చెప్తారు?