ఒక్క ఎండాకాలపు సర్వేతో చేపల జాబితా సరిపోతుందా?

ప్రశ్న: అడవి వాగుపై కట్టబోయే చిన్న ఆనకట్టకు పర్యావరణ ప్రభావ నివేదికలో జీవవైవిధ్య అధ్యాయం రాస్తున్నాను. ఎండాకాలంలో 12 చోట్ల వలలు వేస్తే 24 జాతుల చేపలు దొరికాయి. వాటిలో 8 జాతులకు ఒక్కొక్క చేపే, మరో 4 జాతులకు రెండేసి చేపలే పడ్డాయి. దీన్నే ఆధార స్థితిగా చూపవచ్చా, వానల దాకా ఆగాలా?

వాగుగట్టు: ఆగనక్కరలేదు. దొరకని జాతులను అంచనా వేసే ఛావో లెక్క ఉంది. 8ని 8తో గుణించి, వచ్చిన 64ను 4కు రెట్టింపుతో భాగిస్తే 8 వస్తుంది. మొత్తం 32 జాతులని రాసి అధ్యాయం ముగించండి.

గులకరాయి: వాగుగట్టు గారి గుణకారం సరైనదే గాని, ఆ 32 కనీస సంఖ్య మాత్రమే, అదీ వల వేసిన రోజుల్లో ఆ నీటిలో ఉన్న చేపల వరకే. వాగు పొంగినప్పుడు గుడ్లు పెట్టడానికి కింది నది నుంచి ఎగువకు ఎక్కే చేపలు ఎండాకాలపు మడుగుల్లో ఉండవు కనుక ఈ లెక్క వాటిని పసిగట్టలేదు. ఆనకట్ట దారి మూసేది సరిగ్గా వాటికే. మరో మాట: ఒంటిగా దొరికిన 8లో రెండు, బాగా దొరికిన జాతుల పిల్లలేనని తేలితే, చూసిన జాతులు 22కు, అంచనా 26.5కు దిగుతాయి. ముందు ఆ చేపలను మళ్లీ పరీక్షించండి.

ఎండుటాకు: మా ప్రాజెక్టులో మునిగే అడవిలోని ప్రతి చెట్టునూ లెక్కపెట్టాం. నీటిని గొట్టంలో మళ్లించాక ఆనకట్టకూ విద్యుత్ కేంద్రానికీ మధ్య వాగు ఎండిపోయింది. అక్కడ ముందు ఏముండేదో చెప్పడానికి ఒక్క నమూనా కూడా మా దగ్గర లేదు. చెట్ల సర్వే మాత్రం మానకండి.

గులకరాయి: ప్రశ్న చెట్ల గురించి కాదండీ, అయినా ఆ ఎండిన ముక్క సంగతి ఇక్కడా వర్తిస్తుంది. ఆ 12 చోట్లలో ఆనకట్టకు దిగువన ఎన్ని ఉన్నాయి?

ప్రశ్నించినవారు: రెండే. నివేదికకు గడువు రెండు నెలలుంది, తొలి వరద ఆలోపే రావచ్చు.

వాగుగట్టు: వరదలో వలలు కొట్టుకుపోతాయి. ఏమీ పడకపోతే చేపలు లేవనుకోవాలా, వల పట్టలేదనుకోవాలా?

గులకరాయి: ఆ అభ్యంతరం న్యాయమైనదే. అందుకే ఉధృతి తగ్గిన మూడు నాలుగు రోజులకు, పక్క కాలువల్లోనూ మడుగుల అంచుల్లోనూ, ఆనకట్ట స్థలానికి పైనా కిందా సమానమైన గంటలు వలలు ఉంచి, ఖాళీగా వచ్చిన వలలను కూడా నమోదు చేయాలి. గుడ్లతో నిండిన చేప ఎగువన ఒక్కటి పడినా వలస ప్రశ్న తెరుచుకుంటుంది. ఏదీ పడకపోతే వలస లేదని రాయకుండా, ఇన్ని గంటల్లో కనిపించలేదని మాత్రమే రాయండి.

వాగుగట్టు: అలాంటి వాక్యంతో అనుమతి ఇచ్చేవారు ఏం నిర్ణయిస్తారో నాకు అర్థం కావడం లేదు.